అప్‌డేట్: హాలు స్లాబ్ సెంట్రింగ్‌కి కర్రలు ఎన్ని పట్టాయంటే

నేనడిగింది: "లోపల 15 x 12 అడుగుల హాలు, 5 అంగుళాల స్లాబ్, కర్రకీ కర్రకీ 3 అడుగులు. మొత్తం ఎన్ని కర్రలు తెప్పించాలి?"

నిన్న పోత అయిపోయింది. 180 చదరపు అడుగుల్ని 9తో భాగించి 20 అనుకున్నాను కదా, అది తప్పే. అలా భాగిస్తే గోడ పక్కన నిలబెట్టే వరస లెక్కలోకే రాదు. ఇక్కడ ఒకన్నయ్య చెప్పినట్టు రెండు పక్కలా గోడకి అర అడుగు వదిలి కొలిస్తే పొడవు 14, వెడల్పు 11. 14ని 3తో భాగిస్తే 4.67, అంటే 5 ఖాళీలు, 6 కర్రలు. 11కి 4 ఖాళీలు, 5 కర్రలు. మొత్తం 30. ఇరవయ్యే తెచ్చుంటే పది తక్కువయ్యేవి! పైన అడ్డకర్రలు 5 వరసలు, వరసకి పదడుగులవి రెండు, అతుకు నిలువు కర్ర మీదే పడాలి.

అసలు టెన్షన్ కింద నేలతో వచ్చింది. మాది కోనసీమ, మెరక చేసిన ఒండ్రుమట్టి. మధ్యలో 3 అడుగుల దూరంలో ఉండే ఒక్కో కర్ర మీద కాంక్రీటు బరువే సుమారు 260 కిలోలు, మనుషులు అదనం. ముందురోజు వాన పడి రెండు సరుగుడు కర్రలు అంగుళం దిగాయి, పైన సెంట్రింగ్ రేకుకీ అడ్డకర్రకీ మధ్య వేలు దూరింది. కర్రల కింద చెక్కలు వేయించి, చీలికలు కొట్టించి, దారం కట్టి మట్టం చూశాకే పోత మొదలెట్టాం.