రెండు స్వెటర్లు వేసినా బస్‌స్టాప్‌లో వణుకే, ఇంకోటి కొనాలా?

సాయి: మాది కాకినాడ. ఈ జనవరిలోనే చదువుకోడానికి అమెరికాలోని మినియాపొలిస్ వచ్చాను. నిన్న పొద్దున్న మైనస్ 15 డిగ్రీలు. కాటన్ బనియన్, టీషర్టు, రెండు స్వెటర్లు, పైన జాకెట్ వేసుకుని పది నిమిషాలు గబగబా నడిచాను. బస్‌స్టాప్ చేరేసరికి చెమట. నిలబడ్డ ఐదు నిమిషాలకి వీపు మీద ఐసుగడ్డ పెట్టినట్టయింది. రెండు జతల సాక్సులు వేసినా కాలివేళ్లు మొద్దుబారాయి. ఇంకో స్వెటర్ కొనాలా?

కిరణ్: స్వెటర్లన్నీ పక్కన పడేయ్ బ్రో. లోపల ఈకలు నింపిన డౌన్ జాకెట్ బరువైనది ఒకటి కొను. నేను దాని కింద టీషర్టే వేస్తాను.

సుజాత: కిరణ్, నువ్వు ఇంటి నుంచి కారు దాకానే కదా నడిచేది! సాయీ, ఇంటికి రాగానే బనియన్ వీపు దగ్గర చేత్తో పట్టుకుని చూడు, తడిగా ఉంటుంది. కాటన్ చెమట పీల్చుకుని వదలదు. నడిచినంతసేపూ ఒంటి వేడి కాస్తుంది, ఆగగానే ఆ తడే చలి పుట్టిస్తుంది. మన ఊళ్లో ఎండాకాలం హాయినిచ్చేదే ఇక్కడ దెబ్బకొట్టేది. ఒంటికి తగిలేది పాలిస్టర్ థర్మల్ గానీ మెరినో ఉన్ని గానీ కావాలి. దాని మీద నూగులా మెత్తగా ఉండే ఫ్లీస్ ఒకటి, పైన గాలి దూరని జాకెట్. మైనస్ 15లో గంటకి 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 26లా ఉంటుంది. స్వెటర్ అల్లికలోంచి ఆ గాలి దూరిపోతుంది.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తూనే ఉండాలి. నడుస్తూ వేడెక్కితే చెమట పట్టకముందే జిప్ సగం దించు, ఆగగానే పైకి లాగు.

లావణ్య: మా డల్లాస్‌లో ఇంత అవసరం లేదక్కా, హూడీ చాలు. నాకు హీటర్‌కి పెదాలు పగులుతున్నాయి, ఏం రాయాలి?

సుజాత: వాజిలిన్ రాయమ్మా. ఇక్కడ మాత్రం హూడీతో బయటికి రాకు!

సాయి: మరి కాళ్లకి?

సుజాత: రెండు జతలూ బూటులో ఇరుక్కుని ఉంటాయి. వేళ్ల చుట్టూ గాలి ఉండకపోతే వెచ్చదనం నిలవదు, రక్తం కూడా సరిగ్గా ఆడదు. మందపాటి ఉన్ని సాక్సు ఒక్క జతే వేసి, బూటులో వేళ్లు ఆడుతున్నాయో లేదో చూడు. ఆడకపోతే అర సైజు పెద్దది తీసుకో. మొద్దుబారిన వేలు తెల్లగా పాలిపోతే రుద్దకు, వెంటనే లోపలికి వెళ్లిపో. వేడెక్కాక కూడా స్పర్శ రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

సాయి: అమ్మ హైదరాబాద్‌లో కొనిచ్చిన థర్మల్స్ పెట్టెలోనే ఉన్నాయక్కా. లేబుల్ మీద కాటన్ అనే ఉంది.

సుజాత: రాత్రి పడుకోడానికి వేసుకో.

కిరణ్: నేను అవే రెండేళ్లు వేశాను, ఏమీ కాలేదు.

సాయి: క్లాసులో ఉక్కపోస్తే థర్మల్ ఎలా విప్పాలి అక్కా?

సుజాత: దానికి నాకూ దారి దొరకలేదు. ఫ్లీస్ విప్పి కూర్చుంటాను, ప్యాంటు కింద థర్మల్ మాత్రం అలా ఉడికిస్తూనే ఉంటుంది.