కోల్డ్ స్టోరేజీ యాప్ కేస్ స్టడీ: రెజ్యూమెలో "33 శాతం పెంచాను" అని రాయవచ్చా?

బెంజ్‌సర్కిల్_డిజైనర్
విజయవాడలో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లుగా యూఎక్స్ డిజైనర్‌ని. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి పెట్టుకోవడానికి స్లాట్ బుక్ చేసుకునే యాప్ నా ముఖ్యమైన కేస్ స్టడీ. స్టాక్ వివరాల స్క్రీన్ మార్చక ముందు నాలుగు వారాల్లో 1,240 మంది ఫారం తెరిస్తే 521 మంది పూర్తి చేశారు. మార్చాక నాలుగు వారాల్లో 1,310 మందిలో 734 మంది పూర్తి చేశారు. కానీ అదే వారంలో డెవలపర్లు ఓటీపీ పంపే సర్వీసు కూడా మార్చారు. ఫలితం దగ్గర "33 శాతం పెంచాను" అని రాయాలా, అంకె తీసేయాలా?

వన్‌టౌన్_హెచ్‌ఆర్
తప్పకుండా రాయండమ్మా. ఒక్కో పోస్టుకు నా దగ్గరికి వందల రెజ్యూమెలు వస్తాయి. "యూజర్ అనుభవాన్ని మెరుగుపరిచాను" అన్న వాక్యం అందరి రెజ్యూమెల్లోనూ ఉంటుంది, అది చదివితే నాకేమీ తెలియదు. పూర్తి చేసినవాళ్లు 42 శాతం నుంచి 56 శాతానికి వెళ్లారు కాబట్టి 33 శాతం లెక్క సరైనదే. ఓటీపీ సంగతి ఇంటర్వ్యూలో అడిగితే చెప్పుకోవచ్చు.

బ్రాడీపేట_ఫ్రెషర్
అన్నా, నేను అలా రాసే ఇబ్బంది పడ్డాను. కోర్సు ప్రాజెక్టులో ఐదుగురితో టెస్ట్ చేశాను. మొదటి డిజైన్‌లో ముగ్గురు పని పూర్తి చేశారు, రెండో డిజైన్‌లో ఐదుగురూ చేశారు. "సక్సెస్ రేటు 60 నుంచి 100 శాతం" అని రాశాను. ఇంటర్వ్యూలో "ఎంతమంది?" అని అడిగారు. ఐదుగురు అనగానే మిగతా కేస్ స్టడీలు తెరవనేలేదు. అందుకే అంకెలన్నీ తీసేశాను. అక్కా, మీరు కూడా తీసేయడమే మంచిది.

అరండల్‌పేట_పాతకాపు
తమ్ముడూ, నీ కేసు వేరు, ఆమెది వేరు. ఐదుగురితో చేసే టెస్టు ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టడానికి పనికొస్తుంది, శాతం చెప్పడానికి పనికిరాదు. "ఐదుగురిలో ఇద్దరు ఆగిపోయిన చోటు కనిపెట్టి మార్చాను, తర్వాత ఐదుగురూ దాటారు" అని మనుషుల లెక్కలోనే రాసి ఉంటే ఎవరూ తప్పు పట్టరు.

ఇక మీ సంగతి. 33 అన్న అంకెలో రెండు పనులు కలిసిపోయాయి, వాటిని విడదీయవచ్చు. ఓటీపీ దాటి స్టాక్ స్క్రీన్ దాకా వచ్చినవాళ్లు ముందు ఎంతమంది, తర్వాత ఎంతమంది? మీ అనలిటిక్స్‌లో ఒక్కో స్క్రీన్‌కు ఈవెంట్ పెట్టుంటే ఆ అంకె పది నిమిషాల్లో దొరుకుతుంది.

బెంజ్‌సర్కిల్_డిజైనర్
ఇప్పుడే చూశానండీ. ముందు 930 మంది, తర్వాత 1,120 మంది.

అరండల్‌పేట_పాతకాపు
అయితే లెక్క చూడండి. 1,240లో 930 అంటే ఓటీపీ దగ్గర 75 శాతం మంది దాటేవాళ్లు. సర్వీసు మారాక 85 శాతం దాటారు. అది డెవలపర్ల పని. ఓటీపీ దాటిన 930లో 521 మంది పూర్తి చేశారంటే 56 శాతం. తర్వాత 1,120లో 734 అంటే సుమారు 66. మీ స్క్రీన్ వల్ల అని చెప్పుకోగలిగేది ఈ 56 నుంచి 66 మాత్రమే.

ఈ అంకె చిన్నదని బాధపడకండి. 33 అని రాస్తే, "ఎంత నుంచి ఎంతకు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మీరు ఓటీపీ కథ చెప్పాల్సి వస్తుంది. అప్పుడది సంజాయిషీలా వినిపిస్తుంది. ముందే విడదీసి రాస్తే, తన పని ఎంతవరకో తెలిసిన మనిషని అర్థమవుతుంది. నేను పన్నెండేళ్లుగా డిజైనర్లను ఇంటర్వ్యూ చేస్తున్నాను. మొదటి అంకె దగ్గరే నమ్మకం పోతే, తర్వాత ఎంత మంచి పని చూపించినా అనుమానంతోనే చూస్తాం.

ఒక చిన్న లోపం మిగులుతుంది. కొత్త ఓటీపీ వల్ల లోపలికి వచ్చిన అదనపు మనుషులు పాతవాళ్లలాంటివాళ్లేనా అన్నది ఈ లెక్క చెప్పదు.

ఇంతకీ ఆ స్క్రీన్‌లో ఏం మార్చారు? ఎవరు మార్చమన్నారు? అది ఇంకా చెప్పలేదు మీరు.

బెంజ్‌సర్కిల్_డిజైనర్
పాత స్క్రీన్ సరుకు ఎన్ని క్వింటాళ్లని అడిగేది. ఎందుకు వదిలేస్తున్నారో అర్థంకాక రెండు రోజులు ఒక కోల్డ్ స్టోరేజీ కౌంటర్ దగ్గర కూర్చున్నాను. రైతులందరూ టిక్కీల్లోనే, అంటే మిర్చి బస్తాల లెక్కలోనే చెబుతున్నారు. ఒక్కో టిక్కీ బరువు ఒక్కోలా ఉంటుంది కాబట్టి క్వింటాళ్లు అనగానే "తర్వాత చేస్తాలే" అని ఫోన్ జేబులో పెట్టుకుంటున్నారు. టిక్కీల సంఖ్య మాత్రమే అడిగి, బరువు గేటు దగ్గర కాటా వేశాక నింపేలా మార్చాను. కౌంటర్ దగ్గర కూర్చోవడం, స్క్రీన్ మార్పు నావి. రంగులు, ఐకాన్లు ఇంకో డిజైనర్‌వి.

అరండల్‌పేట_పాతకాపు
ఇంత మంచి విషయం చేతిలో పెట్టుకుని 33 గురించి టెన్షన్ పడుతున్నారా! రెజ్యూమెలో మూడు వరుసలు చాలు, మిగతాది పోర్ట్‌ఫోలియోలో పెట్టండి.

సమస్య: రైతులు సరుకును టిక్కీల్లో లెక్కపెడతారు, ఫారం క్వింటాళ్లు అడిగేది, ఓటీపీ దాటినవారిలో 44 శాతం మంది బుకింగ్ పూర్తి చేయకుండానే ఆగిపోయేవారు.
పాత్ర: రెండు రోజుల కౌంటర్ పరిశీలన, స్టాక్ స్క్రీన్ డిజైన్ నావి, విజువల్ డిజైన్ సహోద్యోగిది.
ఫలితం: ఓటీపీ దాటినవారిలో పూర్తి చేసినవారు 56 నుంచి 66 శాతం (ముందు 930 మంది, తర్వాత 1,120 మంది, నాలుగేసి వారాలు).

వన్‌టౌన్_హెచ్‌ఆర్
విడదీయడం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ "సహోద్యోగిది" అన్న మాట రెజ్యూమెలో ఎందుకండీ? ఎవరూ అలా రాయరు. మొదటి వడపోత చేసే నాలాంటివాళ్లకు అది తక్కువ పని చేసినట్టు కనిపిస్తుంది.

అరండల్‌పేట_పాతకాపు
మీ వడపోత గురించి మీకే బాగా తెలుసు, కాదనను. కానీ తర్వాత కూర్చునేది డిజైనర్ల ముందు. ఆ ఇంకో డిజైనర్ కూడా ఇదే స్క్రీన్ తన పోర్ట్‌ఫోలియోలో పెడతారు. ఇద్దరూ "నేనే చేశాను" అని రాస్తే, ఊరు చిన్నది, ఇద్దరి పోర్ట్‌ఫోలియోలూ ఒకరి ముందుకే రావచ్చు. అంతగా ఇష్టం లేకపోతే తన పని మాత్రం రాసి ఊరుకోవచ్చు. "మొత్తం నడిపించాను" అని మాత్రం రాయకూడదు.

మిర్చియార్డ్_రోడ్
నేను డిజైనర్‌ని కాను. మాకు కోల్డ్ స్టోరేజీ ఉంది కాబట్టి ఒక మాట చెబుతాను. మేడమ్, మీ ముందు నాలుగు వారాలు ఏ నెలలో, తర్వాత నాలుగు వారాలు ఏ నెలలో?

బెంజ్‌సర్కిల్_డిజైనర్
ముందువి జనవరి చివరి నుంచి, తర్వాతవి మార్చిలో అండీ.

మిర్చియార్డ్_రోడ్
మార్చిలో సరుకు ఒక్కసారిగా దిగుతుంది. ధర నచ్చని రైతు స్టోరేజీలో పెట్టుకుందామని చూస్తాడు, గదులు నిండిపోతాయన్న భయం ఉంటుంది. అప్పుడు ఫారం ఎంత కష్టంగా ఉన్నా పూర్తి చేస్తారు. జనవరిలో "చూద్దాంలే" అని తెరిచి మూసేసేవాళ్లు ఎక్కువ. మీ పది శాతంలో సీజన్ వాటా ఎంతో నాకైతే అర్థం కావడం లేదు.

అరండల్‌పేట_పాతకాపు
ఇది నాకు తట్టలేదండీ, సరైన ప్రశ్న. పోయిన ఏడాది మార్చి అంకెలుంటే పోల్చవచ్చు.

బెంజ్‌సర్కిల్_డిజైనర్
పోయిన ఏడాది యాప్ లేదండీ. కొన్ని స్టోరేజీలకు పాత స్క్రీన్‌నే ఉంచి ఉంటే బాగుండేది, కానీ అందరికీ ఒకేరోజు మార్చేశాం.

మిర్చియార్డ్_రోడ్
గేటు దగ్గర రిజిస్టర్ ఉంటుంది కదా. యాప్‌లో రాసిన లెక్కకూ బండిలో వచ్చిన సరుకుకూ తేడా ఉంటే మా గుమాస్తా ఎర్ర పెన్నుతో దిద్దుతాడు. క్వింటాళ్లు అడిగిన రోజుల్లో దిద్దుబాట్లు బాగా ఉండేవి. సీజన్ రద్దీ ఉన్నంత మాత్రాన రైతుకు బరువు అంచనా సరిగ్గా రాదు. వందేసి ఎంట్రీలు, ముందువి, తర్వాతవి లెక్కపెట్టి చూడండి.

వన్‌టౌన్_హెచ్‌ఆర్
చూడండి, కానీ ఈలోపు 56–66 రాసి అప్లై చేయడం ఆపకండి. నెలలు కూడా రాసేయండి, ఎవరైనా అడిగితే దాచినట్టు ఉండదు.

బెంజ్‌సర్కిల్_డిజైనర్
ఫలితం వరుసలో "జనవరి–ఫిబ్రవరి, మార్చి" అని చేర్చాను. "33" తీసేశాను. సోమవారం గుంటూరు వెళ్లి, నేను కూర్చున్న ఆ కౌంటర్ దగ్గరే రిజిస్టర్ అడుగుతాను. దిద్దుబాట్ల లెక్క తేలితే ఇక్కడే పెడతాను.