సమావేశానికి పిలిచే నాలుగు వాక్యాల్లో ఎంత చెప్పాలి, ఎంత ఆపాలి?

గవర్నర్‌పేట ఉద్యోగిని (అడిగినవారు)

మాది విత్తనాలు, పురుగుమందుల పంపిణీ సంస్థ. విజయవాడలో 49 మంది, గుంటూరులో 22 మంది పనిచేస్తున్నాం. గుంటూరు కార్యాలయం మూసి అందరినీ విజయవాడకు తేవాలని యాజమాన్యం నిర్ణయించింది. 18 మందికి ఇక్కడ చోటు ఖాయం, నలుగురి సంగతి ఇంకా తేలలేదు. వచ్చే వారం డైరెక్టర్ గారే అందరికీ చెబుతారు. పిలుపు రాసే పని నాది. "అత్యవసర సమావేశం, అందరూ తప్పనిసరిగా హాజరు కావాలి" అని రాసి, పంపకుండా ఆపాను. విషయం రాసేస్తే సమావేశమే అక్కర్లేదు. రాయకపోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఏం రాయాలి, ఎప్పుడు పంపాలి?

పటమట వాసి

గంట ముందు పంపండి. పుకారు పుట్టడానికి సమయమే దొరకదు. విషయం చోట "సాధారణ సమీక్ష" అని పెట్టండి, ఎవరికీ అనుమానం రాదు. మా యజమాని ఎప్పుడూ ఇలాగే చేస్తారు, ఇంతవరకు ఒక్క మాట కూడా బయటికి పొక్కలేదు.

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

వ్యవధి తక్కువగా ఉండాలన్న మాట నిజం. పిలుపుకూ సమావేశానికీ మధ్య ఒక రాత్రి పడితే ఆ రాత్రంతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కానీ "సాధారణ సమీక్ష" అబద్ధం. ఈసారి గుట్టు నిలవవచ్చు. వచ్చే నెల నిజంగానే సమీక్షకు పిలిచిన రోజున మీ మనుషులు గుండెలు చేత్తో పట్టుకుని వస్తారు. చెప్పకుండా ఆపడం వేరు, లేనిది చెప్పడం వేరు. మొదటిదాన్ని సిబ్బంది అర్థం చేసుకుంటారు, రెండోదాన్ని క్షమించరు.

అడిగినవారికి ఒక ప్రశ్న. మీ అమ్మకాల ప్రతినిధులు రోజూ ఉదయం ఎక్కడ ఉంటారు?

గవర్నర్‌పేట ఉద్యోగిని

నరసరావుపేట, సత్తెనపల్లి, తెనాలి వైపు డీలర్ల దగ్గర తిరుగుతుంటారు. సోమవారం ఉదయం మాత్రం తొమ్మిదింబావుకల్లా అందరూ గుంటూరు కార్యాలయానికి వస్తారు. మేమేమో గుంటూరు వారందరినీ బస్సులో విజయవాడకు పిలిపించాలనుకుంటున్నాం.

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

ఆ బస్సును మానుకోండి. బస్సు మాట్లాడిన రోజునే గుంటూరులో అందరికీ తెలిసిపోతుంది. దెబ్బ తగిలేది గుంటూరు వారికి కాబట్టి డైరెక్టర్ గారు అక్కడికే వెళ్లి వాళ్ల ఎదుట కూర్చోవాలి. విజయవాడ వారు వీడియోలో వింటారు. సోమవారం ప్రతినిధులు ఎలాగూ వస్తారు కాబట్టి తొమ్మిదిన్నరకు పిలుపు పంపి పదకొండుకు సమావేశం పెట్టండి. గంటన్నర చాలు.

పిలుపులో ఐదు సంగతులు ఉంటే సరిపోతుంది: ఎవరు మాట్లాడతారు, దేని గురించి, ఎవరెవరిని పిలిచారు, ఎంతసేపు, ఆ తరువాత ఎవరిని అడగాలి. "దేని గురించి" అన్నచోట అంశం రాయండి, నిర్ణయం రాయకండి. "అత్యవసర", "తప్పనిసరి" అన్న రెండు మాటలూ కొట్టేయండి. డైరెక్టర్ గారు వస్తున్నారంటే రాని వారెవరూ ఉండరు.

పాత యూనియన్ మనిషి

అమ్మా, కార్యాలయం మూసేస్తూ గంటన్నర ముందు చెబుతారా? జీతభత్యాలో, పని వేళలో మారుస్తుంటే కార్మికులకు 21 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి తీసివేయాలంటే నెల నోటీసో నెల జీతమో ఇచ్చి, ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల సగటు వేతనం కట్టాలి. ఇవన్నీ ఎగవేయడానికేనా ఈ గోప్యత?

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

అయ్యా, మీరు చెప్పిన లెక్క సరైనదే, కానీ ఆవిడ అడిగింది సమావేశానికి పిలిచే కాగితం గురించి. అది నోటీసు కాదు, నోటీసుకు బదులూ కాదు. చట్టం ప్రకారం ఇవ్వవలసిన కాగితం సమావేశంలోనో ఆ తరువాతో విడిగా చేతికి ఇవ్వాలి, రోజుల లెక్క అప్పటినుంచి మొదలవుతుంది. అయితే మీ మాటవల్ల ఒక పని గుర్తుకు వచ్చింది. ఆ నలుగురిలో ఎవరు కార్మికుల కిందికి వస్తారో, ఎవరికి ఎన్నేళ్ల సర్వీసు ఉందో సోమవారానికి ముందే న్యాయవాదితో చూపించుకోవాలి. ప్రశ్నలు మొదలయ్యాక వెతుక్కోవడం బాగుండదు.

పాత యూనియన్ మనిషి

ఆ నలుగురి సర్వీసు లెక్క కట్టకుండా సమావేశం పెడితే మాత్రం నేను ఒప్పుకోను.

బ్రాడీపేట తల్లి

నా అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక సంస్థ శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు ఒకే వాక్యం పంపింది: "సోమవారం పదింటికి ముఖ్య సమాచారం, ఎవరూ కంగారు పడవద్దు." ఆ చివరి మాట చదివాకే నాకు కంగారు మొదలైంది. శనివారం మా వారు బ్యాంకు పాసుపుస్తకం ముందు పెట్టుకుని పాప స్కూలు ఫీజు లెక్క వేశారు. ఆదివారం నేను అన్నం ముట్టలేదు. తీరా సోమవారం చెప్పింది కంపెనీ పేరు మారుతోందని. పేరు మార్పు కోసం రెండు రోజులు ఏడ్చాను. దయచేసి శుక్రవారం మాత్రం పంపకండి.

గవర్నర్‌పేట ఉద్యోగిని

మా డైరెక్టర్ గారు కూడా "కంగారు పడవద్దు, ఎవరి ఉద్యోగమూ పోదు" అని చేర్చమంటున్నారు.

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

నలుగురి సంగతి తేలలేదన్నారు కాబట్టి రెండో ముక్క రాయడానికి మీకు హక్కు లేదు. 71 మందికీ నిజమైతేనే రాయాలి. మొదటి ముక్క ఏం చేస్తుందో పైన ఆవిడే చెప్పారు.

మరొకటి. చాలాసార్లు గుట్టు బయటపడేది పిలుపువల్ల కాదు, దాని చుట్టూ ఉన్నవాటివల్ల. మీ సంస్థలో గూగుల్ క్యాలెండర్ వాడుతున్నట్లయితే డైరెక్టర్ గారి క్యాలెండర్ ఎవరెవరు చూడగలరో ఒకసారి తెరిచి చూడండి. సోమవారం మధ్యాహ్నం "గుంటూరు వారితో విడివిడిగా" అని పావుగంట చొప్పున గడులు పెట్టి ఉంటే కథ ముగిసినట్టే. వాటిని `Private` చేయండి. ఆహ్వానం పేరు మొదటే సరిగ్గా పెట్టండి. తరువాత మార్చినా మొదటి పేరుతో వెళ్లిన మెయిలు అందరి దగ్గరా ఉండిపోతుంది, రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చదువుతారు. `See guest list` మాత్రం తీసేయకండి. ఇక్కడ జాబితా కనబడటమే మేలు, అందరినీ పిలిచారని ఎవరికి వారు చూసుకుంటారు. ఇక గుంటూరు భవనం యజమానికి ఖాళీ చేస్తామని ముందే చెప్పారా?

గవర్నర్‌పేట ఉద్యోగిని

ఇంకా చెప్పలేదు. ఈ శనివారం చెబుదామనుకున్నాం.

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

సోమవారం మధ్యాహ్నానికి మార్చండి. ఆయన శనివారం వింటే ఆదివారంలోగా "అద్దెకు" బోర్డు గురించి ఎవరితోనో అంటారు. అది ఆయన తప్పు కూడా కాదు.

పటమట వాసి

సరే, అబద్ధం వద్దన్నారు, ఒప్పుకుంటున్నాను. కానీ "కార్యాలయాల గురించి ఒక నిర్ణయం" అని అంశం రాస్తే గుంటూరులో కూర్చున్న మనిషికి ఇంకేం మిగిలింది? రెండు కార్యాలయాల్లో చిన్నది తనదే. తెలివైనవాడు క్షణంలో ఊహిస్తాడు. మీ పద్ధతిలో రహస్యం గంటన్నర ముందే బయటికి వచ్చినట్టు కాదా?

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

ఊహిస్తాడు. కాదనను. ఏమీ రాయకపోయినా ఊహిస్తాడు, అప్పుడు కంపెనీ మూతపడుతోందనో జీతాలు ఆగుతాయనో అనుకుంటాడు. అంశం చెబితే ఊహ నిజానికి దగ్గరగా ఆగుతుంది. గంటన్నరకు ఆ మాత్రం బయటపడినా నష్టం లేదంటాను. ఒకవేళ మీది షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీ అయి, వార్త షేరు ధరను కదిలించేదైతే నా సలహా వేరు. సెబీ నిబంధనలు ఉన్నాయి కాబట్టి ముందు ఎక్స్ఛేంజీకి తెలపాలి, అంతవరకు అంశం కూడా రాయకూడదు.

పటమట వాసి

నేనైతే ఇప్పటికీ అంశం రాయను. ఎవరు మాట్లాడతారు, ఎంతసేపు అన్నంతవరకు చాలు.

బ్రాడీపేట తల్లి

ఆ నలుగురికి మాత్రం ముందే చెప్పాలి. పదిమందిలో వినడం చాలా కష్టం.

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

మీ బాధ తెలుసు. కానీ పదిన్నరకు నలుగురిని ఒక్కొక్కరిగా గదిలోకి పిలిస్తే మిగతా 18 మంది ఆ తలుపునే చూస్తూ కూర్చుంటారు. అయితే "నలుగురి విషయం తేలలేదు" అని సమావేశంలో అంటే 22 మందీ ఆ నలుగురిలో తామే ఉన్నామనుకుంటారు. అందుకని సమావేశం ముగిసిన వెంటనే 22 మందికీ ఒకే సైజు కవరు, పేరు రాసి, ఎవరిది వారి చేతికి ఇవ్వండి. 18 కవర్లలో కొత్త చోటు, చేరవలసిన తేదీ ఉంటాయి. నాలుగింటిలో ఏ తేదీలోగా నిర్ణయం చెబుతారో, అంతవరకు జీతం మారదని ఉంటుంది. ఆ నలుగురితో డైరెక్టర్ గారు ఆ మధ్యాహ్నమే మాట్లాడాలి. ముందే చెప్పడం మేలా, తరువాతా అన్నది మా వాళ్లలోనే తేలని మాట. నేను తరువాత అనేదాన్ని పట్టుకున్నాను.

గవర్నర్‌పేట ఉద్యోగిని

సమావేశం జరిగింది. తొమ్మిదిన్నరకు నేను పంపింది ఇది:

"ఈ రోజు ఉదయం 11 గంటలకు డైరెక్టర్ గారు మన సిబ్బంది అందరితో మాట్లాడతారు. మన రెండు కార్యాలయాల గురించి తీసుకున్న ఒక నిర్ణయాన్ని వివరిస్తారు. గుంటూరులోను, విజయవాడలోను 71 మందికీ ఇదే ఆహ్వానం. సమావేశం నలభై నిమిషాలు. ఆ తరువాత సాయంత్రం వరకు ఎవరితోనైనా విడిగా మాట్లాడటానికి ఆయన, నేను గుంటూరులోనే ఉంటాం. 11 గంటలకు ముందు ఎవరికీ వివరాలు చెప్పడం లేదు."

పదిలోపే నాకు తొమ్మిది ఫోన్లు వచ్చాయి. "మూసేస్తున్నారా?" అని ముగ్గురు సూటిగా అడిగారు. తొమ్మిది మందికీ ఒకే మాట చెప్పాను: "పదకొండింటికి అందరికీ ఒకేసారి చెబుతారు, నేను ముందు ఎవరికి చెప్పినా మిగతావారికి అన్యాయం అవుతుంది." "కాదు" అని ఒక్కసారి కూడా అనలేదు. కవర్లు ఇచ్చాక గోదాములో పనిచేసే ఒకాయన తన కవరు తెరవకుండా జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఒక తప్పు జరిగింది. తెనాలిలో ప్రసూతి సెలవులో ఉన్న ఒక అమ్మాయికి ఆఫీసు మెయిలే వెళ్లింది, తను అది చూడదు. పన్నెండుంబావుకు పక్క సీటు ఆవిడ ఫోన్ చేసి చెప్పిందట. సాయంత్రం నేను చేసేసరికి ఏడుస్తోంది. ఆమె కవరు 18లోదే.

ఇరవై ఆరేళ్లు సిబ్బంది విభాగంలో

సెలవులో ఉన్నవారి జాబితా మిమ్మల్ని అడగకపోవడం నా పొరపాటు. వారికి సమావేశం జరుగుతుండగానే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఆ కవరు రేపు మీరే తెనాలి తీసుకెళ్లి ఇవ్వండి.