దోర రవ్వ, తెర్లు నీళ్ళు, ఆపైన మూ... ఏమిటి?

తెనాలి మనవరాలు:
రవ్వకేసరి చేసేటప్పుడు మా అమ్మమ్మ ఒక మాట పాటలాగా అనుకుంటూ ఉండేది. "దోర రవ్వ, తెర్లు నీళ్ళు, ఆపైన మూ..." అక్కడిదాకా గుర్తుంది. తర్వాతి అక్షరం దగ్గర ఇంట్లో గొడవ. పిన్ని "మూడు" అంటుంది, అంటే గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల నీళ్ళని. మా అమ్మేమో "మూత" అంటుంది. ఇలాంటిది ఎవరైనా విన్నారా? ఇంకో సందేహం కూడా ఉంది. ఈ "దోర" రంగు గురించేనా? దోరగా వేయించమంటే మా చెల్లెలు రవ్వని ఎర్రగా చేసేసింది. కేసరి రంగు కాస్తా మట్టిరంగుకి తిరిగింది.

విశ్రాంత మాస్టారు:
"మూడు" పొసగదమ్మా. "ఆపైన" అన్నాక రావలసింది పని, సంఖ్య కాదు. పైగా నీళ్ళు అప్పటికే తెర్లుతున్నాయి కదా, కొలత చెప్పే సమయం దాటిపోయింది. మూతే. ఇక దోర అంటే రంగు కాదు, దశ. దోరజామ, దోరమాగిన మామిడి, దోరవయసు అనడం లేదూ? పచ్చిదనం పోయి, పూర్తిగా పండకముందు ఉండే స్థితి. దాన్ని వంటింటివాళ్ళు రంగు చేసుకున్నారు.

వరంగల్ రెడ్డి:
ముందు ఆ "తెర్లు" సంగతి చెప్పండి మాస్టారూ. మా దిక్కు నీళ్ళు మసలుతాయి, తెర్లవు. రెండూ ఒకటేనా?

విశ్రాంత మాస్టారు:
ఒకటే అనుకోవచ్చు. తెరలు, తెర్లు ఒకే మాట. ఎసరు తెర్లిందంటే పైకి పొంగి పొర్లుతున్నట్టు. అడుగున చిన్న బుడగలు కనబడగానే తెర్లినట్టు కాదు. ఆ తేడా మీ "మసలడం"లో ఉందో లేదో మీరే చెప్పాలి.

వరంగల్ రెడ్డి:
ఉంది. బుడగలొస్తే నీళ్ళు కాగినాయి అంటాం. కుతకుతమంటేనే మసిలినాయి అంటాం.

మూకుడు:
పెళ్ళిళ్ళ వంట చేసేవాణ్ణి, వ్యాకరణం నాకు తెలియదు. కానీ ఆ కాగడానికీ మసలడానికీ మధ్యనే ఉండ కడుతుంది. నీళ్ళు పూర్తిగా తెర్లకముందు రవ్వ వేస్తే అది అడుగున కుప్పగా కూర్చుంటుంది. కుప్ప పైపొర ఉడికి జిగటగా మూసుకుపోతుంది, లోపల పొడిరవ్వ అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎంత గరిటె తిప్పినా నీళ్ళు లోపలికి దిగవు. తెర్లే నీళ్ళలో ఆ కదలికే గింజల్ని విడదీస్తుంది. అందుకే మంట తగ్గించి, ఎడమచేత్తో రవ్వ సన్నధారగా జార్చుతూ కుడిచేత్తో కలుపుతూ ఉండాలి.

దోర గురించి. బొంబాయి రవ్వకి రంగు చూడకూడదు. వేగుతున్న కొద్దీ గరిటె తేలికవుతుంది. పచ్చి రవ్వ నేతిలో బరువుగా, ముద్దగా కదులుతుంది. వేగాక పొడి ఇసుకలాగా జారుతుంది. కమ్మటి వాసన మొదలవుతుంది. రంగు కాస్త మీగడరంగుకి వస్తే చాలు, గోధుమరంగు రాకూడదు. సన్నమంట మీద గ్లాసు రవ్వకి 7, 8 నిమిషాలు పడుతుంది. మందంగా లేని బాణలి అయితే అంచులు ముందు మాడతాయి, మధ్యలోది పచ్చిగానే ఉంటుంది. అప్పుడు కేసరిలో అక్కడక్కడా నల్లటి చుక్కలు కనిపిస్తాయి.

ఛందోప్రియ:
మూకుడు గారూ, ఎర్రగా వేగితేనే నేతి రుచి బాగా పడుతుందని మా అత్తగారి మతం. చూడటానికి ఒకేలా ఉన్నా రుచి వేరు. వేమన చెప్పలేదూ, ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరయా!

విశ్రాంత మాస్టారు:
పేరు ఛందోప్రియ పెట్టుకుని ఇదేమిటి? రెండో పాదం చివర "వేరు", అంతే. ఆటవెలదిలో రెండు, నాలుగు పాదాలకి ఐదూ సూర్యగణాలే. "వేరయా" రగణం, అది ఇంద్రగణం, అక్కడ కూర్చోదు. "వేరయ" వచ్చేది మూడో పాదంలో, పుణ్య పురుషుల దగ్గర.

ఛందోప్రియ:
అందరి నోళ్ళలో వేరయా అనే నలిగింది మాస్టారూ. జనం నోటిమాటకి గణాలు అడ్డం పెడితే వేమన కూడా ఒప్పుకోడు.

విశ్రాంత మాస్టారు:
వేమన ఒప్పుకోడేమో, ఆటవెలది అసలే ఒప్పుకోదు.

మూకుడు:
ఎర్రగా వేయిస్తే వచ్చేది రవ్వ మాడిన వాసన, నేతి వాసన కాదు. అది ఎక్కువైతే నెయ్యి కిందపడిపోతుంది. అసలు నెయ్యంతా మొదట్లోనే పోసేస్తే సువాసన పొయ్యి మీదే పోతుంది. నేను మూడు విడతలుగా వేస్తాను. జీడిపప్పు, కిస్‌మిస్ వేయించిన నేతిలోనే రవ్వ వేయిస్తాను, మొత్తం నేతిలో సగం దానికే. పంచదార కరిగాక పావు వంతు. మిగిలిన పావు పొయ్యి కట్టేశాక, యాలకుల పొడితో పాటు. తినేటప్పుడు ముక్కుకి తగిలేది ఆ చివరి నెయ్యే. గ్లాసు రవ్వకి మొత్తం అర గ్లాసు నుంచి ముప్పావు దాకా పోస్తాను, అది ఇంటివాళ్ళ చేతిని బట్టి.

ఫ్రీమాంట్ కోడలు:
హమ్మయ్య, సరైన చోటుకి వచ్చాను. మొన్న సత్యనారాయణ వ్రతానికి చేస్తే ఉండలు, పైగా ఒకచోట ఆరెంజ్, ఒకచోట తెలుపు. అత్తయ్య వీడియో కాల్‌లో చూస్తుంటే ఒకటే టెన్షన్! కొలతలన్నీ ఒకటింబావు చొప్పున తీసుకున్నాను, శాస్త్రం ప్రకారమే. నీళ్ళు కూడా ఒకటింబావే. ఆ "మూ" ఏదైనా, నీళ్ళ కొలత సంగతి చెప్పండి ప్లీజ్.

విశ్రాంత మాస్టారు:
సపాదం అంటే ఒకటింబావు, నిజమే. కానీ వ్రతకథలో అది నైవేద్యానికి తెచ్చే రవ్వకీ, పంచదారకీ, నేతికీ. ఎసటికి సపాదం ఎవరూ చెప్పలేదమ్మా.

మూకుడు:
గ్లాసుకి గ్లాసుంబావు నీళ్ళయితే బొంబాయి రవ్వ సగమే ఉబ్బుతుంది, ఉండలు కట్టక ఏం చేస్తుంది? రవ్వ కొలిచిన గ్లాసుతోనే నీళ్ళు కొలవండి. మెత్తగా, చెంచాతో తినేలా కావాలంటే మూడు. ఆకులో ముక్కగా నిలవాలంటే రెండున్నర. పంచదార గ్లాసున్నర, తీపి తక్కువ తినేవాళ్ళకి గ్లాసుంబావు. మీ దగ్గర మరీ సన్నటి రవ్వ ఉంటే అది నీళ్ళు చప్పున పీల్చేస్తుంది, కలపడానికి సమయం ఇవ్వదు. దాన్ని మరింత నెమ్మదిగా పోయాలి. ఇడ్లీ రవ్వ మాత్రం వద్దు, అది బియ్యం.

రంగు సంగతి. చివర్లో పొడి చల్లారు కదా? ఉడికిన ముద్దలో రంగు పాకదు. రవ్వ వేయకముందే, తెర్లే నీళ్ళలో రంగు కరగాలి. కుంకుమపువ్వయితే ముందుగా రెండు చెంచాల గోరువెచ్చటి పాలలో నానబెట్టి, అది దిగాక ఆ పాలు ఎసట్లో కలపండి. పొడి రంగయితే చిటికెలో సగం, చెంచాడు నీళ్ళలో కలిపి పోయండి. గిన్నెలో నీళ్ళు మీరు కోరుకున్నదానికంటే కొంచెం ముదురుగా కనిపించాలి, రవ్వ ఉబ్బాక తేలిపోతుంది.

ఫ్రీమాంట్ కోడలు:
చివర్లోనే చల్లాను, ఎలా కనిపెట్టారు? ఇంకొకటి, పంచదార నీళ్ళలోనే ముందు కరిగించేస్తే పని తేలిక కదా? పాకంలో రవ్వ పోస్తే?

ఛందోప్రియ:
నేనూ అలాగే చేస్తాను. బాగానే వస్తుంది.

మూకుడు:
మీరు నీళ్ళు ఎక్కువ పోసి చాలాసేపు ఉడికిస్తున్నారేమో, అందుకే తప్పించుకుంటున్నారు. పంచదార నీళ్ళని తనవైపు పట్టుకుంటుంది, రవ్వకి ఇవ్వదు. గింజ పూర్తిగా ఉబ్బకముందు పంచదార పడితే ఆ గింజ అక్కడే గట్టిపడుతుంది, పంటికింద తగులుతుంది. కాబట్టి రవ్వ నీళ్ళన్నీ పీల్చుకున్నాక సన్నమంట మీద మూత పెట్టి 3, 4 నిమిషాలు వదిలేస్తాను. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపితే పలుకు తగలకూడదు. అప్పుడే పంచదార. వేయగానే ముద్ద మళ్ళీ జారుగా అయిపోతుంది, అది చూసి కొత్తవాళ్ళు ఇంకాస్త రవ్వ చల్లుతారు. ఆ రవ్వే ఉండలవుతుంది. ఏమీ చేయక్కర్లేదు, కలుపుతూ ఉంటే దగ్గరపడుతుంది. ఉండలేవైనా ఉంటే పంచదార వేయకముందే గరిటె వెనకతో బాణలి గోడకి అదిమి చితపాలి. తర్వాత చితకవు.

విశ్రాంత మాస్టారు:
చూశారా! "మూత పెట్టి" అని ఆయన నోటే వచ్చింది. దోర రవ్వ, తెర్లు నీళ్ళు, ఆపైన మూత. వరుస కూడా కుదిరింది.

తెనాలి మనవరాలు:
కానీ మాస్టారూ, మా పిన్ని అంటున్నది ఏమిటంటే, అమ్మమ్మ ఆ మాట అంటూ మూడు వేళ్ళు చూపించేదట.

ఛందోప్రియ:
అయితే మూడు విడతల నెయ్యి! ఆపైన మూడు చెంచాల నెయ్యి. నా సిద్ధాంతం రాసి పెట్టుకోండి. దోర, తెర్లు, మూడు, మూడింటిలోనూ రెండే అక్షరాలు, నడక కుదిరింది.

విశ్రాంత మాస్టారు:
మూతకీ రెండే అక్షరాలు.

వరంగల్ రెడ్డి:
తెర్లు అనే మాటకే ఖరారు లేదు, నడకెక్కడిది? మా అమ్మ అయితే "ఏంచిన రవ్వ, మసిలిన నీళ్ళు" అనేది. మూత మాట, మూడు మాట రెండూ లేవు. కేసరి బాగానే ఉండేది.

మూకుడు:
రెడ్డన్నా, మూత పెట్టకపోతే పైపొర ఆరి తొక్క కడుతుంది, ఆ తొక్కే ఉండల్లా కనిపిస్తుంది. మీ అమ్మగారు పెట్టే ఉంటారు, చెప్పి ఉండరు.

ఫ్రీమాంట్ కోడలు:
మూకుడు గారూ, ఇప్పుడే చేశాను. రెండున్నర నీళ్ళు పోశాను. ఉండలు లేవు, రంగు అంతటా ఒకటే. కానీ చల్లారాక గట్టిగా అయింది, పళ్ళెంలోంచి ఊడి రాదు.

మూకుడు:
పొయ్యి మీదే దగ్గరపడేదాకా ఉంచారు. నెయ్యి అంచుల్లో కనబడి, ముద్ద గరిటె నుంచి ఇంకా కాస్త జారుతుండగానే దించాలి. చల్లారితే నెయ్యీ పిండీ రెండూ బిగుస్తాయి. ఇప్పటికి పావు గ్లాసు వేడినీళ్ళు చల్లి, మూత పెట్టి, సన్నమంట మీద కదపండి. కొంత మెత్తబడుతుంది. మొదట చేసినంత నున్నగా మాత్రం రాదు.

తెనాలి మనవరాలు:
అమ్మ, పిన్ని ఇద్దరికీ ఈ చర్చ అంతా చదివి వినిపించాను. పిన్ని మూడు దగ్గర నుంచి కదలలేదు. పైనాపిల్ ముక్కలు వేస్తే నీళ్ళు తగ్గించాలా అని అమ్మ అడుగుతోంది.

మూకుడు:
ముక్కల్ని ముందు రెండు చెంచాల పంచదారతో ఉడికించి, వచ్చిన రసాన్ని గ్లాసులో కొలిచి, అంత నీళ్ళు తగ్గించండి.

విశ్రాంత మాస్టారు:
పైనాపిల్ అని ఎందుకు, అనాస అనొచ్చుగా?