గుడి మరమ్మతుకు చందాల వీడియో: లెక్క ఎంతవరకు చెప్పాలి?

రామాలయం_వీధి
మా ఊరి రామాలయానికి మరమ్మతులు తలపెట్టాం. మండపం స్లాబు కారుతోంది. విమానం మీద సున్నపు బొమ్మలు ఊడిపోతున్నాయి. మేస్త్రీ ఇచ్చిన అంచనా ఇది: స్లాబుకు 1,60,000, కరెంటు వైరింగుకు 45,000, విమానం బొమ్మలు, రంగులకు 2,10,000, నేల గ్రానైటుకు 95,000, ప్రహరీ, గేటుకు 1,30,000. మొత్తం 6,40,000. ఊళ్ళో ఇప్పటికి 1,85,000 పోగైంది. మూడు నిమిషాల వీడియో తీసి బయట ఉన్న ఊరివాళ్ళకు పంపాలని కమిటీ ఆలోచన. "ఇంకా 4,55,000 కావాలి, మీరిచ్చే ప్రతి రూపాయీ స్వామికే చేరుతుంది" అని ముగిద్దామనుకుంటున్నాం. సరిపోతుందా?

కరీంనగర్_తమ్ముడు
అన్నా, సర్కారు పైసలు గావాలంటే వీడియో ఎందుకు? దేవాదాయ శాఖల సర్వశ్రేయో నిధి ఉంటది, దానికి దరఖాస్తు పెట్టుకోవాలె. మా పోచమ్మ గుడికి గదే జేస్తున్నం. ఊరి వాటా ముందుగాల కట్టుమన్నరు, అక్కడ్నే ఆగింది.

రామాలయం_వీధి
అది వేరే దారి తమ్ముడూ. మేం అడుగుతున్నది వీడియోలో ఏం చెప్పాలని.

పద్దు_పుస్తకం
రామాలయం వీధి గారూ, మీ అంచనాలోనే ఒక ఖర్చు మరిచారు. విమానం ముట్టుకుంటున్నారంటే ముందు బాలాలయం చేయాలి, పని అయ్యాక సంప్రోక్షణ ఉంటుంది. ఆచార్యుల సంభావన, హోమద్రవ్యాలు, అన్నదానం మేస్త్రీ కాగితంలోకి రావు. పనంతా అయ్యాక "సంప్రోక్షణకు మళ్ళీ ఇవ్వండి" అని రెండో వీడియో వస్తుంది చూడండి, దాతలకు మనసు విరిగేది అక్కడే. ముందు పూజారి గారి దగ్గర కూర్చుని ఆ లెక్క రాయించుకోండి.

రెండోది, 4,55,000 అని ఒకే ముద్దగా అడగొద్దు. మూడు లక్షల దగ్గర ఆగిపోతే ఏం చేస్తారు? విమానం చేస్తారా, గేటు పెడతారా? చూసేవాడికి వచ్చే మొదటి అనుమానం అదే. ఇంకేమీ రాకపోయినా దానికదే పూర్తయ్యే పని ఒకటి విడదీయండి. మీ లెక్కలో స్లాబు, వైరింగు కలిపితే 2,05,000. చేతిలో 1,85,000 ఉంది. అంటే అడగకముందే మొదటి విడత దాదాపు మీ ఊరి డబ్బుతోనే అయిపోతుంది. ఆ పని మొదలుపెట్టి, కూలీలు స్లాబు మీద ఉండగా వీడియో తీయండి. "మేం పెట్టింది ఇది, మిమ్మల్ని అడిగేది విమానానికి" అంటే ఎవరూ మళ్ళీ ప్రశ్న వేయరు.

అయితే స్లాబు లెక్కను నమ్మొద్దు. అడుగున ఊడుతున్న కాంక్రీటు కొట్టి చూస్తే తప్ప లోపలి ఇనుమును తుప్పు ఎంత తిన్నదో తెలియదు. రెండు మూడు చోట్ల అడుగు మేర కొట్టించి, చువ్వ బయటపడ్డాక మళ్ళీ అంచనా వేయించండి. చువ్వ సన్నబడి ఉంటే కొత్తది కట్టాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ పెరిగే అవకాశం కూడా వీడియోలోనే చెప్పాలి.

వీడియో_వాసు
కారడం చూపించాలంటే వానాకాలంలోనే తీయాలి. ఇప్పుడు ఎండలు. స్లాబు మీద నాలుగు బిందెలు పోసి తీస్తే?

పద్దు_పుస్తకం
పోయొచ్చు. మేస్త్రీలు కూడా నీళ్ళు నిలగట్టే చూస్తారు. "వాన లేదు కాబట్టి నీళ్ళు పోసి చూపిస్తున్నాం" అని ఆ షాట్‌లోనే నోటితో చెప్పండి. చెప్పకుండా పోసి, బయట మట్టినేల పొడిగా కనబడితే వాన లేదని పల్లెలో ఎవడైనా పట్టేస్తాడు. పగులు చూపేటప్పుడు పక్కన టేపు పెట్టండి. పెద్దదిగా కనిపించేలా మరీ దగ్గర్నుంచి తీయొద్దు. కూలిపోయే స్థితిలో లేకపోతే "కూలిపోతోంది" అనొద్దు. ఊరివాడు పండక్కి వచ్చి చూస్తాడు కదా.

సాఫ్ట్‌వేర్_సుబ్బు
గుడికిస్తే 80జీ కింద పన్ను మినహాయింపు ఉంటుంది. వీడియోలో అది పెద్దక్షరాలతో వేయండి, ఉద్యోగస్తులు బాగా ఇస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళు మనవాళ్ళే కాబట్టి ఎవరైనా పంపొచ్చు.

ఆడిట్_బాబాయ్
సుబ్బూ, సగం నిజం. గుడి మరమ్మతు విరాళానికి 80జీలో చోటుంది, కానీ చారిత్రక ప్రాధాన్యమో విశేష ప్రసిద్ధో ఉందని కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన గుళ్ళకే. ఊరి రామాలయానికి అది ఉండదు. ట్రస్టుకు ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన దాతకు మినహాయింపు రాదు, ఆ రెండూ వేరు. లేనిది ఉందని వేస్తే, రేపు నోటీసు వచ్చేది ఇచ్చినవాడికి. "ఈ విరాళానికి పన్ను మినహాయింపు లేదు" అని ఒక్క ముక్క వేయండి, నమ్మకం పెరుగుతుంది.

అమెరికా సంగతికొస్తే, పాస్‌పోర్టు ఏ దేశానిదని చూడాలి. భారత పౌరుడు అక్కడ ఉద్యోగం చేస్తూ తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ దాతే. అతని నుంచి తీసుకోవాలంటే మీ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, దానికి వేరే ఖాతా ఉండాలి. చిన్న గుడి కమిటీకి అది అయ్యే పని కాదు. "ప్రస్తుతానికి భారత పౌరుల దగ్గర మాత్రమే తీసుకోగలం" అని మర్యాదగా చెప్పండి. మూడు వాక్యాల సంజాయిషీ అక్కర్లేదు.

డాలస్_అబ్బాయి
నాకిక్కడ పౌరసత్వం వచ్చేసింది. ఊళ్ళో మా తమ్ముడికి పంపితే, వాడు తన పేరున ఇవ్వకూడదా బాబాయ్?

ఆడిట్_బాబాయ్
తమ్ముడికి నువ్వు పంపుకోవడం ఒక సంగతి, వాడి చేత గుడికి ఇప్పించడం ఇంకో సంగతి. రెండోదానికి నేను సరే అనను. మీ ఆడిటర్‌ను అడుగు. ఒకటి మాత్రం ఖాయం: "మీ బంధువుల ద్వారా పంపండి" అన్న మాట వీడియోలో ఉండకూడదు.

ఇంకో మాట. ఆ రామాలయం దేవాదాయ శాఖలో నమోదై ఉంటే వసూలుకూ పనికీ ముందే వాళ్ళ అనుమతి తీసుకోండి. ఆ కాగితం నంబరు వీడియోలో వేయండి.

వీడియో_వాసు
ఖాతా వివరాల దగ్గర చాలామంది చేసే తప్పు: క్యూఆర్ కోడ్‌ను రాముడి ఫోటో మీద వేసి మూడు సెకన్లు చూపిస్తారు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపేసరికి గళ్ళు అలుక్కుపోతాయి. తెల్లటి నేపథ్యం మీద నల్లగా, తెర వెడల్పులో సగం ఉండాలి, పది సెకన్లు కదలకుండా నిలవాలి. పైగా చూసేవాడు అదే ఫోన్‌లో చూస్తుంటాడు, తన ఫోన్‌ను తనే ఎలా స్కాన్ చేస్తాడు? అందుకే కింద యూపీఐ ఐడీ, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కూడా అక్షరాల్లో ఉండాలి. గ్రూపుల్లో వేసేటప్పుడు వీడియోను డాక్యుమెంటుగా పంపితే క్వాలిటీ చెడదు.

పాట విషయం కూడా. సినిమా భక్తిపాట వెనక పెడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. మీ భజన బృందం పాడింది గుళ్ళోనే రికార్డు చేసుకోండి. తెల్లవారుజామున తీస్తే ట్రాక్టర్ల రొద ఉండదు.

పద్దు_పుస్తకం
స్కాన్ చేయగానే వచ్చే పేరు గురించి వాసు చెప్పలేదు. అక్కడ కోశాధికారి సొంత పేరు కనబడితే సగం మంది ఆగిపోతారు. ఆగడమే మంచిది కూడా. కమిటీ పేరున ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసేలా పెట్టండి. "మీకు కనబడే పేరు ఇదే, వేరే పేరు వస్తే డబ్బు వేయకండి" అని వీడియోలో చదివి చెప్పండి. మీ వీడియోను కత్తిరించి, వేరే క్యూఆర్ అతికించి తిప్పేవాళ్ళుంటారు. దానికి అడ్డుకట్ట ఈ ఒక్క వాక్యమే.

ఇంతకంటే తక్కువమంది ఆలోచించేది, వీడియోకు వయసు. మీకు కావలసింది మూడు నెలల్లో వచ్చేస్తుంది, వీడియో మాత్రం మూడేళ్ళు తిరుగుతుంది. "ఇంకా ఇంత కావాలి" అన్న అంకె పెట్టిన వారానికే అబద్ధం అయిపోతుంది. అందుకే నోటితో చెప్పే మాటల్లో పని విలువ మాత్రమే చెప్పండి. ఎంత వచ్చిందన్నది యూట్యూబ్ వీడియో కింద వివరణలో రాసి, ప్రతి ఆదివారం మార్చండి. వీడియో మొదట్లో తీసిన తేదీ, చివర్లో వసూలు ఆపే తేదీ తెర మీద ఉండాలి. ఎక్కువ వస్తే ఏం చేస్తారో కూడా ఇప్పుడే చెప్పాలి. నేల గ్రానైటుకు వాడతామంటే వాడతామని, ధూపదీప నైవేద్యాలకు డిపాజిట్ చేస్తామంటే అలాగని. తర్వాత తేలుద్దామంటే అదే తగువు.

రామాలయం_వీధి
పూజారి గారిని అడిగాం. అన్నదానం కాక సంప్రోక్షణకు 40,000 అన్నారు. అన్నదానం ఊళ్ళోవాళ్ళం పెట్టుకుంటాం. నిన్న స్లాబు మూడు చోట్ల కొట్టించాం, ఒక మూల చువ్వలను తుప్పు బాగా తినేసింది. మొదటి విడత 2,30,000 దాకా పోవచ్చట. అంటే మాకు తక్కువపడేది 45,000. విమానం 2,10,000, సంప్రోక్షణ 40,000. మొత్తం 2,95,000 అడుగుదామని తేల్చాం. గ్రానైటు, ప్రహరీ తీసేశాం. చివరి మాట ఇలా రాసుకున్నాం, చూడండి:

"స్లాబు, వైరింగు పని మా ఊరి డబ్బుతో మొదలైంది. దానికి తక్కువపడే 45,000, విమానానికి 2,10,000, సంప్రోక్షణకు 40,000 మీ నుంచి కోరుతున్నాం. ఎంతిచ్చినా నంబరు ఉన్న రసీదు పంపుతాం. ఇవ్వలేకపోతే ఏమీ అనుకోం, పండక్కి రండి."

పద్దు_పుస్తకం
బాగుంది. "ప్రతి రూపాయీ స్వామికే" అన్నది తీసేసినందుకు సంతోషం. రూపాయి వెళ్ళేది మేస్త్రీకీ సిమెంటుకూ, అది చెప్పడంలో తప్పేముంది? ఆదివారం లెక్క పెట్టేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ ఫోటో పెడతారేమో, దాతల ఖాతా నంబర్లను ఫోన్‌లోని హైలైటర్‌తో నల్లగా రుద్దొద్దు. అది పల్చటి రంగు, వెలుతురు పెంచితే కింద అంకెలు కనబడతాయి. నిండుగా ఉండే నల్ల పెట్టె గీసి మూయండి.

ఊరి_పెద్ద
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ముందు లక్ష ఇచ్చినవాళ్ళ పేర్లు వీడియోలో చదవాలి. పేరు వినబడితేనే పక్కవాడు ఇస్తాడు. మా రోజుల నుంచీ మైకులో చదివేది అందుకే.

వీడియో_వాసు
పెద్దాయన చెప్పిందీ నిజమే, డబ్బు త్వరగా వస్తుంది. కానీ మైకు మాట ఊరి పొలిమేర దాటదు, వీడియో దాటుతుంది. ఎంతిచ్చాడో బయటికి తెలిస్తే ఇబ్బంది పడేవాళ్ళుంటారు.

పద్దు_పుస్తకం
నా మాట: రసీదు ఇచ్చేటప్పుడే "పేరు చదవమంటారా, గోత్రనామాలతో సంకల్పం చెప్పిస్తే చాలా" అని అడిగి రాసుకోండి. చదివినా అక్షరక్రమంలో, ఇచ్చిన మొత్తం లేకుండా. పెద్దాయన ఒప్పుకోరని తెలుసు.

ఊరి_పెద్ద
ఒప్పుకోను. మొత్తం లేకపోతే చదివి లాభం ఏంటి?

రామాలయం_వీధి
ఈ ముక్క కమిటీలో పెడతాను. ఇంకొకటి, మూలవిరాట్టును వీడియోలో చూపమంటున్నారు కుర్రాళ్ళు, పూజారి గారు వద్దంటున్నారు. గడప బయట నుంచి, తెర వేసి ఉండగా తీస్తే చాలా?

కరీంనగర్_తమ్ముడు
పూజారి వద్దంటే వద్దే అన్నా. ఉత్సవ విగ్రహాలు ఊరేగింపుల తీసినయి ఉంటే గవి పెట్టుండ్రి.