పంచ్ లిస్ట్ మిగిలుండగా పని అప్పగించవచ్చా?

గుణుపురం సైట్ ఇంజనీర్: ఒడిశాలో గుణుపురం దగ్గర ఒక ఊళ్లో మంచినీళ్ల పథకం పని మాది. ట్యాంకు నిండుతోంది, కుళాయిల్లో నీళ్లొస్తున్నాయి. పంచ్ లిస్టులో, అంటే చివర్న మిగిలిన చిన్న పనుల జాబితాలో, ఐదు మిగిలాయి: పంప్ హౌస్ రంగు, రెండు వాల్వ్ ఛాంబర్ల మూతలు, నీళ్లలో క్లోరిన్ కలిపే డోసర్, పైపులు నిజంగా ఎక్కడ వేశామో చూపే యాజ్ బిల్ట్ డ్రాయింగు, ఆపరేటర్‌కి ట్రైనింగ్. ఇవన్నీ అయ్యేదాకా సంతకం పెట్టనంటున్నారు డిపార్ట్‌మెంట్ ఇంజనీరు. మనుషుల్ని వేరే సైటుకి పంపేయమంటోంది మా ఆఫీసు. ఎవరిది రైటు?

రాయగడ కాంట్రాక్టర్: ఊరంతా తాగుతున్న నీళ్లకి ఇంకా అప్పగింత ఏంటి తమ్ముడూ? వాడుకోవడం మొదలుపెడితే తీసుకున్నట్టే. ఫోటోలు తీసి, లెటర్ పెట్టి కదులు. రంగు వేయలేదని బిల్లు ఆపుతారా?

పర్లాకిమిడి రిటైర్డ్ ఏఈ: లెటర్ పెట్టమన్న మాట మంచిదే. కానీ వాడితే తీసుకున్నట్టే అనే షరతు కొన్ని అగ్రిమెంట్లలో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ముందు నీది తీసి చదువు.

నా లెక్కలో ఇద్దరూ సగం సగమే రైటు. చాలా కాంట్రాక్టుల్లో కాగితాలు రెండు ఉంటాయి. మొదటిది పని పూర్తయినట్టు ఇచ్చేది. మిగిలిన చిన్న పనుల లిస్టు, ఒక్కోదానికి గడువు దానికి జతచేసి ఇవ్వొచ్చు. లోపాలొస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన బాధ్యత కాలం ఆ కాగితంలోని తేదీ నుంచే మొదలవుతుంది. రెండోది ఆ కాలం ముగిశాక వచ్చే ఫైనల్. మీ ఇంజనీరు మొదటిదాన్ని రెండోదానిలా చూస్తున్నట్టున్నారు.

అయితే నీ ఐదూ ఒక్క రకం కాదు. రంగు, లిస్టులో పెట్టుకోవచ్చు. క్లోరిన్ డోసర్ పెట్టకూడదు, ఇవి తాగే నీళ్లు. మూతలు లేని ఛాంబర్లో రాత్రిపూట పిల్లాడో మేకో పడితే లిస్టు ఎవరికి చూపిస్తావు?

బరంపురం గృహిణి: మాకూ ఇదే గొడవ. బిల్డర్ తాళాలిచ్చేశాడు గానీ లిఫ్ట్ ఇంకా రాలేదు. సంతకం పెట్టొద్దంటారా?

పర్లాకిమిడి రిటైర్డ్ ఏఈ: అమ్మా, ఇల్లు కొనడం వేరే చట్టం. మీరు లాయర్ని అడగండి.

ఊరి పంపు ఆపరేటర్: ఏఈ గారు ట్రైనింగ్ మాటే ఎత్తలేదు. మా ఊళ్లో ఫైలు ఇచ్చారు, ఇంతలావు. అంతా ఇంగ్లీషు. కమిటీలో చదివేవాళ్లకి ఒడియా వచ్చు, ఇంట్లో మాట్లాడేది తెలుగు. బోరులో నీళ్లు తగ్గితే పంపు ఆపాలని నాకు ఎవరూ చెప్పలేదు. వేసవిలో మోటారు కాలింది. వారంటీ కార్డు చూస్తే కాంట్రాక్టర్ పేరు మీద ఉంది.

పర్లాకిమిడి రిటైర్డ్ ఏఈ: తప్పు నాదే, మరిచాను. అందరికంటే పనికొచ్చే మాట నువ్వే చెప్పావు. పంపు వేయడం, ఆపడం, ఏ వాల్వ్ ముందు తిప్పాలో ఒక్క పేజీ ఒడియాలో రాసి పంప్ హౌస్ గోడకి అంటించాలి. ఆపరేటర్ తన చేత్తో వేసి ఆపి చూపించాకే ట్రైనింగ్ అయినట్టు రాయాలి.

ఇక డ్రాయింగు. మా పాత పనిలో కల్వర్టు అడ్డొచ్చి పైపుని రోడ్డు అవతలికి తిప్పారు. డ్రాయింగులో మాత్రం పాత గీతే. ఎనిమిది నెలలకి లీకైతే వాల్వ్ కోసం నాలుగు చోట్ల తవ్వాం. అది మొరం కింద ఉంది. అప్పటినుంచి గొయ్యి పూడ్చకముందే ఎర్ర పెన్నుతో డ్రాయింగు మీద రాయించేవాణ్ని: బడి గోడ మూల నుంచి 4.2 మీటర్లు, కల్వర్టు చివర నుంచి 7.6 మీటర్లు. కదలని రెండు గుర్తుల నుంచి కొలిస్తే రోడ్డు మారినా దొరుకుతుంది.

రాయగడ కాంట్రాక్టర్: ఇలాంటివి లెసన్స్ లెర్న్‌డ్ అని ఫైల్లో పెట్టమంటారు. పైపు తిప్పింది మా తప్పని మేమే రాసిస్తే, రేపు క్లెయిమ్‌లో అదే చూపించి డబ్బు కోస్తారు. నేను రాయను.

పర్లాకిమిడి రిటైర్డ్ ఏఈ: తప్పెవరిదో రాయమనలేదు. "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "గొయ్యి పూడ్చే ముందు కొలతలు లేకపోతే ఆ పైపు ముక్క బిల్లు ఎక్కించం" అని రాసి తర్వాతి టెండర్లో పెట్టు. మేస్త్రీ, ప్లంబర్ సైట్‌లో ఉన్నప్పుడే అడగాలి, ఆఖరి రోజు ఫారం నింపితే రాదు.

రాయగడ కాంట్రాక్టర్: మీరు డిపార్ట్‌మెంట్ వైపు కూర్చుని చెబుతున్నారు సార్. మా వైపు నుంచి చూడండి.

గుణుపురం సైట్ ఇంజనీర్: అగ్రిమెంటు చూశాను. లిస్టుతో కలిపి కంప్లీషన్ ఇవ్వొచ్చని ఉంది. డోసర్, మూతలు, ట్రైనింగ్ ఈ వారం అయ్యాకే అడుగుతాను, రంగు లిస్టులో పెడతాను. మనుషుల్ని పంపేశాను, డ్రాయింగు కోసం ప్లంబర్ని మాత్రం రెండు రోజులు ఆపుకున్నా. మూడో వాల్వ్ ఎక్కడుందో అతనికొక్కడికే తెలుసు. ఆ రెండు రోజుల కూలి మా ఆఫీసు ఇస్తుందో లేదో.