రికవరీ పంచనామాలో ఎంతవరకు ఎగ్జిబిట్‌గా మార్క్ చేయొచ్చు?

క్రిమినల్ ప్రాక్టీసు చేసే సీనియర్లు కాస్త చెప్పగలరా? సెషన్స్ కోర్టులో హత్య కేసు, మాది ఏ-1 తరఫు. ట్రయల్ 2024 జూలైకి ముందే మొదలైంది కాబట్టి పాత ఎవిడెన్స్ యాక్టే వర్తిస్తుంది.

కస్టడీలో మావాడు చెప్పినట్టు పోలీసులు రాసింది ఇదీ: “పాత కక్షతో కత్తితో పొడిచి చంపాను. ఆ కత్తిని మా కొట్టం వెనక గడ్డివాములో దాచాను. నాతో వస్తే చూపిస్తాను.” వీఆర్వో, ఇంకో మధ్యవర్తి ఎదుట కత్తి దొరికిందట. ఇప్పుడు పీపీ మొత్తం వాంగ్మూలాన్నీ మార్క్ చేయమంటున్నారు.

మన గుంటూరు కేసే అయిన పులుకూరి కొట్టయ్యలో 1946లో ప్రివీ కౌన్సిల్ చెప్పినదాన్ని బట్టి, సెక్షన్ 27 కింద కనుగొన్న విషయమంటే వస్తువు ఒక్కటే కాదు, అది ఉన్న చోటు, అక్కడుందని నిందితుడికి తెలియడం కూడా. దేనితో పొడిచాడన్నది అందులోకి రాదు. కాబట్టి దాచాను, చూపిస్తాను అన్న రెండు ముక్కలే మిగలాలి. మొదటి వాక్యం పోవాలి. “ఆ కత్తి” అన్నప్పుడు ఆ “ఆ” సంగతేంటి? అది మొదటి వాక్యాన్ని దొడ్డిదారిన లోపలికి తెస్తోంది కదా!

అభ్యంతరం మార్కింగ్ రోజే రాతపూర్వకంగా వేయాలా, వాదనల్లో చెబితే చాలా?

ఇంకొకటి. గడ్డివాముకు కంచె లేదు, పక్కనే ఊరి బాట. వీఆర్వో క్రాస్‌లో, తాము వెళ్లేసరికే ఒక కానిస్టేబుల్ అక్కడున్నాడని ఒప్పుకున్నాడు. పోలీసులకు చోటు ముందే తెలుసని వాదించడానికి ఇది సరిపోతుందా, ఐఓని ఇంకేం అడగాలి?